గణం కోసం వచ్చిన మాట, అర్థం కోసం వచ్చిన మాట

సంస్కృత శ్లోకాన్ని తెలుగు పద్యం చేసి పంపేవారు మా పత్రికకు ఎక్కువే. గణాలు సరిపోతాయి, యతి కుదురుతుంది. అయినా చదువుతుంటే ఎక్కడో కాలికి రాయి తగులుతుంది. అది ఎక్కడ తగులుతుందో ఒక్క శ్లోకం పట్టుకొని చూద్దాం.

కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రం' ప్రస్తావనలో భాసుడు, సౌమిల్లుడు, కవిపుత్రుడు వంటి పేరున్న కవులుండగా ఇప్పటి కాళిదాసు నాటకం ఎందుకని పారిపార్శ్వకుడు అడుగుతాడు. సూత్రధారుడు శ్లోకంతో బదులిస్తాడు. పాతదైనంత మాత్రాన అంతా మంచిది కాదు. కొత్తదైనంత మాత్రాన కావ్యం నింద్యం కాదు. వివేకులు పరీక్షించి రెండింటిలో ఒకటి ఎంచుకుంటారు. మూఢుడి బుద్ధి పరుల నమ్మకం వెంట నడుస్తుంది. శ్లోకం భావం ఇంతే.

ముందు ఛందస్సు. ఇది ఉపజాతి. మొదటి రెండు పాదాలు ఉపేంద్రవజ్ర, తర్వాతి రెండు ఇంద్రవజ్ర. మొత్తం 70 మాత్రలు. మనవాళ్లకు చేయి తిరిగిన ఉత్పలమాలలో పాదానికి 28 చొప్పున 112 మాత్రలు. మిగిలిన 42 మాత్రలను దేనితో నింపాలి? అక్కడే 'ధరన్', 'ఇలన్', 'నిక్కముగ' వచ్చి కూర్చుంటాయి. ఇబ్బంది రెండోవైపు నుంచీ రావచ్చు. ఏలకూచి బాలసరస్వతి భర్తృహరిని మల్లభూపాలీయంగా తెనిగించినప్పుడు ప్రతి పద్యం చివర ప్రభువు పేరిట మకుటం పెట్టుకున్నాడు. శార్దూల పాదానికి ఉన్న 19 అక్షరాల్లో 11 ఆ మకుటానికే పోతాయి. అంత ఇరుకులో అర్థాన్ని కూర్చిన నేర్పు ఆయనది. అందరికీ సాధ్యం కాదు. తేటగీతిలో పాదానికి 17 నుంచి 19 మాత్రలు, నాలుగు పాదాలకు 68 నుంచి 76. మన శ్లోకానికి కొలిచి కుట్టినట్టుంటుంది.

ఇక మాటలు. 'పురాణమనే కారణంచేత' అని సంస్కృతం వెంట నడవనక్కరలేదు. 'పాతదైనంతమాత్రాన' అని మనం రోజూ అనే మాటే సూర్యగణం, రెండు ఇంద్రగణాలుగా తనంత తాను ఒదిగింది. పైగా ఒక చిక్కు కూడా తీర్చింది. 'కావ్యమెల్లను బాగు గాదు' అని ఊరుకుంటే పాత కావ్యాల్లో ఒక్కటీ బాగుండదన్న అర్థం రావచ్చు. 'అంతమాత్రాన' ముందుంటే ఆ అనుమానం ఉండదు.

మూడో పాదానికి మొదట తోచేది 'తప్పు పట్టంగ రాదిక'. ఇందులో 'ఇక' ఎందుకు? తీసేసి చదివితే అర్థం రవ్వంత కూడా తగ్గదు. వ్యర్థపదాన్ని పట్టుకోవడానికి ఇంతకన్న మంచి పరీక్ష లేదు. దాని బదులు 'తప్పు పట్టరు విజ్ఞులు' అంటే కర్త కూడా ఆ పాదంలోనే దొరుకుతాడు.

నాలుగో పాదంలో యతి ఉచ్చు పన్నుతుంది. 'పరుల మాటనె నమ్మును పామరుండు' అన్నది చక్కగా నడిచే పాదం. కాని పామరుడు చదువురానివాడు. కాళిదాసు అన్నది మూఢుణ్ణి. వాడు గొప్ప పండితుడే అయి ఉండవచ్చు, నిర్ణయం మాత్రం తనది కాదు. పకార యతి కోసం చదువురానివాళ్లను నిందించడం అన్యాయం. 'గొర్రెదాటు' మంచి నుడికారమే, కాని అది గుంపు నడక. శ్లోకంలో ఉన్నది ఒక్కడి బుద్ధి పరాధీనం కావడం. 'బుద్ధి నొరులకు నిచ్చును' అంటే మూఢుడు పక్కవాళ్లకు బుద్ధి చెబుతున్నట్టు తలకిందులవుతుంది. 'చేతికి' అన్న మాట చేరితేనే అప్పగింత అన్న అర్థం నిలుస్తుంది. 'బుద్ధి'కి 'మూఢ'తో పడే బు-ము యతి మన లాక్షణికులు ఒప్పుకున్నదే. అన్నీ కలిపితే పద్యం ఇదీ:

పాతదైనంతమాత్రాన బాగు గాదు
కావ్యమెల్లను, నిన్ననే కట్టినంత
తప్పు పట్టరు విజ్ఞులు, తఱచి కొంద్రు;
బుద్ధి నొరుచేతి కిచ్చును మూఢజనుడు.

లెక్క చూస్తే 72 మాత్రలు. కావ్యానికి 'కట్టడం' అన్న క్రియ వాడటం మనకు అలవాటైనదే, పాట కట్టినట్టు, పద్యం కట్టినట్టు. రెండో పాదంలో 'మాత్రాన' మళ్లీ రాకపోయినా మొదటి పాదం నుంచి దాని బలం అందుతుంది.

బాకీలు రెండు మిగిలాయి. 'మూఢుడు' అంటే సరిపోయేది, 'జనుడు' గణం కోసం వచ్చాడు. పై పరీక్ష పెడితే ఈ మాట నిలవదు. రెండోది ఇంకా పెద్దది. 'రెండింటిలో ఒకటి' అని మూలం చెప్పిన మాట 'కొంద్రు'లో వినిపించదు. దేనిని కొంటారో పాఠకుడే పై పాదాల నుంచి తెచ్చుకోవాలి. పారిపార్శ్వకుడి ప్రశ్న పాతకూ కొత్తకూ మధ్య ఎంపిక గురించే కాబట్టి ఇది చిన్న లోటు కాదు. 'జనుడు'ను తప్పించి, ఆ 'ఒకటి'ని తేటగీతిలోనే ఇమిడ్చిన పద్యం ఎవరు పంపినా వచ్చే సంచికలో సంతోషంగా అచ్చు వేస్తాం.