మిక్సీలో నిప్పురవ్వలు

వేసవి వచ్చిందంటే మన చంద్రపూర్ తెలుగు ఇళ్లల్లో ఆవకాయ హడావిడి మొదలవుతుంది. మొన్న మే నెలలో మా ఇంటావిడ ఆవాలు పొడి కొడుతూ ఉండగా మిక్సీ అడుగు సందులలోంచి పచ్చని రవ్వలు ఎగిరినవి. వెంటనే కమురు వాసన. జాడీలు కడిగి ఆరబెట్టి ఉన్నవి, మామిడికాయలు ముక్కలు కొట్టి ఉన్నవి, యంత్రం మాత్రం మూలుగుతున్నది!

బజారులో ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. కార్బన్ బ్రష్‌లు అరిగినవని రెండూ మార్చి ఇచ్చారు. పది రోజులకు మళ్లీ అవే రవ్వలు, అదే వాసన. అప్పుడు మా వీధి చివర మోటార్లకు చుట్టలు చుట్టే మరాఠీ పెద్దాయన దగ్గరకు వెళ్లి, "కాకా, కొత్త బ్రష్‌లు కూడా పాడైపోయినవా?" అని అడిగాను. ఆయన నవ్వి, "బ్రష్ అరగడం రోగం కాదు సాహెబ్, రోగ లక్షణం. జార్ కూడా తెచ్చారా?" అన్నాడు. నేను తేలేదు. మొదటి దుకాణానికీ తీసుకుపోలేదు. పొరపాటంతా అక్కడే ఉన్నది.

మిక్సీ మోటారులో తిరిగే భాగం మీద రాగి పలకల గుండ్రని కట్టు ఉంటుంది. దానిని కమ్యూటేటర్ అంటారు. రెండు వైపులనుంచీ రెండు చిన్న బొగ్గు ముక్కలు స్ప్రింగు బలంతో దానిని తాకుతూ కరెంటు అందిస్తాయి. అవే కార్బన్ బ్రష్‌లు. బొగ్గు గనుల ఊళ్లో ఉంటూ నాకు ఈ బొగ్గు సంగతి తెలియలేదు! బ్రష్ పొట్టిదైపోతే స్ప్రింగు సరిగా నొక్కదు. సందు ఏర్పడి కరెంటు దూకుతుంది. అదే రవ్వ. సన్నని నీలి మెరుపు కొద్దిగా కనబడటం మామూలే. పసుపుపచ్చని పొడుగాటి రవ్వలైతే మాత్రం యంత్రం ఆపవలసిందే.

మరి కొత్త బ్రష్‌లకు పది రోజులలో ఎందుకు ఈ గతి పట్టింది? కాకా జార్ తెప్పించి, లోపలి బ్లేడు చేత్తో తిప్పబోయాడు. బిగుసుకున్నది. అడుగున బుష్‌లోకి నీరు దిగి తుప్పు పట్టింది. దాని కింద కప్లర్ పళ్లు అరిగి గుండ్రమైపోయినవి. దీనికి తోడు మేము జార్ నిండా ఆవాలు పోసి, ఆపకుండా తిప్పాము. బరువు ఎక్కువైతే మోటారు వేగం తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది. అదే ఇరుసు మీది ఫ్యాను కూడా నెమ్మదించి గాలి తగ్గుతుంది. వేడి అంతా బ్రష్‌ల మీదా, తీగచుట్ట మీదా పడుతుంది.

కాకా చెప్పిన పరీక్ష మీరూ ఇంట్లో చేసుకోవచ్చును. ముందుగా జార్ పెట్టకుండా క్షణకాలం మోటారు తిప్పండి. అప్పుడే రవ్వలు వస్తే లోపం బ్రష్‌లోనో, కమ్యూటేటర్‌లోనో ఉన్నది. రాకపోతే ప్లగ్గు పీకి, ఖాళీ జార్ బ్లేడు వేలితో కాకుండా అడుగున కప్లర్ పట్టుకొని తిప్పి చూడండి. తేలికగా తిరగకపోతే బుష్ బిగిసిందన్న మాట. తర్వాత ఖాళీ జార్ పెట్టి రెండు క్షణాలు నడపండి. మోటారు గిర్రున తిరుగుతూ బ్లేడు కదలకపోతే, లేదా రబ్బరు కాలిన వాసన వస్తే కప్లర్ పోయినట్లే. ఈ మూడింటిలోనూ బాగుండి, సరుకు వేసినప్పుడే మూలిగితే తప్పు యంత్రానిది కాదు, మన చేతిది.

మా మిక్సీకి జార్ బుష్, కప్లర్ మార్చారు, బ్రష్‌లు జంటగా కొత్తవి వేశారు. కొత్త బ్రష్ కమ్యూటేటర్ వంపుకు సర్దుకొనే వరకు జార్ లేకుండా కొద్దిసేపు నడపమన్నారు. ఇప్పుడు పొడి సరుకు సగం జార్‌కు మించి వేయము. అయిదు నిమిషాలు తిప్పితే రెండు నిమిషాలు ఆపుతాము. అడుగున ఎర్ర బొత్తాము బయటకు దూకితే వెంటనే నొక్కము. ప్లగ్గు పీకి, మోటారు చల్లారనిచ్చి, సరుకు తగ్గించి అప్పుడు నొక్కుతాము.

ఒక్క హెచ్చరిక. రవ్వలు కమ్యూటేటర్ చుట్టూ ఉంగరంలా తిరిగినా, ఘాటైన వార్నిష్ కాలిన వాసన వదలకపోయినా బ్రష్‌లతో పని కాదు. తీగచుట్ట కాలినదేమో చుట్టేవారికి చూపించవలసిందే.

మన వంట మోటారును ఎంత శ్రమపెడుతుందో కొత్త సంగతేమీ కాదు. సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో జర్మనీ మిక్సీ మన రుబ్బుడుకు ఆగలేక కాలిపోతేనే, ఆయన బలమైన మోటారుతో సుమీత్ మిక్సీ తెచ్చారు. అంతటి మోటారుకైనా జార్ తేలికగా తిరగాలి.

ఆవకాయ ఆలస్యమైనా బాగానే కుదిరింది. ఈసారి మిక్సీ బాగుచేయించబోతే జార్ కూడా సంచిలో వేసుకోవడం మరవకండి.