ఇంటూ–సున్నా ఆటలో లక్కు లేదు

పిల్లలు సంతోషపడతారని ఆటలో కావాలని ఓడిపోవడం మన అమ్మలకు అలవాటే. ఇంటూ–సున్నా ఆటలో మాత్రం అది వద్దంటాను నేను. మా గోదావరిఖని క్వార్టర్లలో సెలవులొస్తే చాలు, వరండా గచ్చు నిండా సుద్దముక్కతో గీసిన ఈ గళ్లే. గెలిస్తే లక్కు, ఓడితే బ్యాడ్‌లక్కు అనుకుంటారు పిల్లలు. నిజానికి ఇద్దరూ తప్పు చేయకపోతే ఈ ఆట ప్రతిసారీ డ్రానే.

ఎందుకో చూద్దాం. గళ్లకు ఇలా నంబర్లు వేసుకోండి.

```
1 2 3
4 5 6
7 8 9
```

గెలిచే వరుసలు మొత్తం 8. ఎదుటివాళ్లు ఒక వరుసలో రెండు పెడితే, మూడో గడిని మనం మూసేస్తాం. అందుకే ఒక్క వరుసను నమ్ముకుంటే గెలుపు రాదు. ఒకేసారి రెండు వరుసలు పూర్తవడానికి ఒక్కో గడి దూరంలో ఉండాలి. అప్పుడు ఎదుటివాళ్లకు ఒక్క వంతే ఉంటుంది, ఒకటి మూస్తే రెండోది మిగిలిపోతుంది.

ముందు ఆడేవాళ్లు ఇంటూను 1లో పెట్టారనుకోండి. సున్నాకు సరైన జవాబు ఒక్కటే, 5. నడిమి గడి మీదుగా 4 వరుసలు పోతాయి. సున్నా అక్కడ కూర్చుంటే ఇంటూకు అంచుల వెంట ఉన్న 4 వరుసలే మిగులుతాయి. జాగ్రత్తగా ఆడితే వాటిని ఆపొచ్చు.

పిల్లలు చాలాసార్లు 5 వదిలేసి, పక్కనే ఉందని 2లో సున్నా పెడతారు. ఇక మీరు 7లో ఇంటూ పెట్టండి. 1, 7 మీవే కాబట్టి పాప 4 మూయక తప్పదు. ఇప్పుడు 5 తీసుకోండి. ఇటు 1–5–9, అటు 7–5–3. 9 మూస్తే 3లో గెలుస్తారు, 3 మూస్తే 9లో గెలుస్తారు. 2, 4లో ఉన్న సున్నాలు ఒకే వరుసలో లేవు కాబట్టి వాటితో మీకు ఎదురు భయం కూడా లేదు.

5లో సున్నా పెట్టినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. ఇంటూ ఎదురు మూల 9కి వెళ్తే, సున్నా మళ్లీ మూలకు పోకూడదు. 3లో పెడితే ఇంటూ దాన్ని ఆపడానికే 7లో పెడుతుంది. ఆ ఒక్క గడితోనే 4, 8 రెండూ గెలుపు గళ్లవుతాయి. సున్నా 2లాంటి అంచు గడిలో పెడితే మాత్రం ఇంటూ 8 మూయాల్సి వస్తుంది. అక్కడి నుంచి ఒకరినొకరు మూసుకుంటూ పోతే డ్రా అవుతుంది.

మనం ఊరికే ఓడిపోతే 2లో పెట్టడం మంచి ఎత్తే అనుకుంటుంది పాప. రేపు స్నేహితురాలి చేతిలో ఓడితే ఎందుకు ఓడిందో తెలియక ఏడుస్తుంది. అందుకే గెలవండి. గెలిచాక గళ్లు చెరిపేయకుండా, ఓటమి ఆ రెండో ఎత్తులోనే మొదలైందని వేలుపెట్టి చూపించండి. ఆ తర్వాత మీతో పాప తెచ్చుకునే డ్రా పూర్తిగా తన సంపాదనే.