రాత్రి రెండింటికి మిగిలిందే రికార్డా?

నేను రాసిన ప్రోగ్రామ్ ఒక కుర్రాడిని అబద్ధాలకోరుని చేసింది. అందులో బగ్ ఏమీ లేదు. చెప్పింది చెప్పినట్టే చేసింది. నా గొడవంతా దాని గురించే.

ఒక కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ తన సోషల్ మీడియా పేజీలో పెట్టే పోస్టుల్నీ, కింద వచ్చే కామెంట్లనీ దానంతటదే భద్రపరిచే పని కాంట్రాక్టు మీద మాకొచ్చింది. రోజూ రాత్రి రెండింటికి ప్రోగ్రామ్ నడుస్తుంది. అప్పటికి పేజీలో ఉన్నదంతా కాపీ చేసుకుని, ప్రతి ఫైలుకీ హాష్ లెక్కగట్టి, మళ్ళీ దిద్దడానికి వీల్లేని చోట దాచేస్తుంది. ఆడిట్ వాళ్ళు చూసి సరే అన్నారు.

ఒక రోజు పొద్దున పదింటికి అప్రెంటిస్ దరఖాస్తుల పోస్టు పడింది. ఆఖరు తేదీ 20 అని. "20 కదా సార్?" అని ఒక కుర్రాడు కింద అడిగాడు. "అవును, 20" అని పేజీ వాళ్ళే జవాబిచ్చారు. సాయంత్రం నాలుగింటికి ఎవరో తప్పు చూసుకుని 20ని 18 చేశారు, ఆ జవాబు తీసేశారు. కుర్రాడు 19న వెళితే గడువు దాటిపోయిందన్నారు. స్క్రీన్‌షాట్ జతచేసి సమాచార హక్కు కింద అడిగాడు. స్క్రీన్‌షాట్‌లు ఎవరైనా తయారు చేయొచ్చు, మా రికార్డులో 18 అనే ఉంది, అని సమాధానం. నిజమే, ఉంది. నేను కట్టిన రికార్డులో.

ఆ రికార్డు తీసి చూశాను. కుర్రాడి ప్రశ్న అలాగే ఉంది, జవాబు లేకుండా. పోస్టు పుట్టిన సమయం పది, చివరిసారి మార్చిన సమయం నాలుగు. ఈ రెండూ మేమే దాచాం, పక్కపక్కన పెట్టి ఎవరం చూడలేదు. ఏం మార్చారో మాత్రం ఎక్కడా లేదు. అడిగినప్పుడు ఎలా ఉందో అంతవరకే మాకు అందుతుంది. తీసేసిన కామెంటు తీసేసినట్టుగా కనిపించదు, అసలు లేనట్టే ఉంటుంది.

"హాష్ ఉంది కదా" అంటారు. హాష్ చెప్పేది ఒక్కటే: దాచిన తర్వాత ఈ ఫైలు మారలేదని. దాచకముందు ఏం జరిగిందో దానికి తెలీదు. సగం నిజానికి సీలు వేస్తే అది గట్టిపడుతుందే తప్ప నిండు నిజం అయిపోదు.

2017 మే 31 గుర్తు తెచ్చుకోండి. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అర్ధరాత్రి దాటాక 'కవ్‌ఫెఫె' అని అర్థంకాని మాట ట్వీట్ చేసి, తెల్లవారాక తీసేశాడు. రోజూ రాత్రి పదకొండింటికి ఒక్కసారి కాపీ చేసే పద్ధతి అయితే అటు 30నా దొరకదు, ఇటు 31నా దొరకదు. అధ్యక్షుడి ట్వీట్లు తీసేసినా, దిద్దినా భద్రపరచాల్సిందేనని అక్కడి జాతీయ ఆర్కైవ్స్ ఆ ఏడాది తేల్చి చెప్పింది. మన దగ్గర చట్టం లేదా? ఉంది. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం కంప్యూటర్‌లో తయారైనదాన్ని కూడా రికార్డనే అంటుంది, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకూ వర్తిస్తుంది. నిబంధనలు పాటించకుండా రికార్డును నాశనం చేస్తే అయిదేళ్ళ దాకా జైలు. ఫైల్లోంచి కాగితం చించితే నేరమని గుమాస్తాకి తెలుసు. 'డిలీట్' నొక్కడం కూడా చించడమేనని పేజీ చూసే అబ్బాయికి ఎవరు చెప్పారు?

చేయాల్సింది కష్టమేం కాదు. సంస్థ రాసే మాట సంస్థ చేతిలోనే ఉంటుంది కదా, పేజీలో పడకముందే దాచాలి. దిద్దినా తీసేసినా అదీ ఒక రికార్డే: పాత మాట, కొత్త మాట, ఎవరు, ఎప్పుడు, ఎందుకు. జనం కామెంట్లు బయటి నుంచి వస్తాయి గనక వాటి కోసం కాపు కాయాలి. మన సర్వర్ పడుకున్న గంటన్నరలో ఏదో తప్పిపోతుంది. ఆ గంటన్నర చూడలేదని కూడా రికార్డులో రాయాలి. ఖాళీని ఒప్పుకోని ఆర్కైవ్‌ని నేను నమ్మను.

అందరి మాటలూ శాశ్వతంగా దాచేస్తే అది నిఘా కాదా? న్యాయమైన ప్రశ్నే. ఎవరి మాట వాళ్ళు వెనక్కి తీసుకునే వీలు పౌరుడికి ఉండాలి, దాని కాపీలకు ఒక గడువూ ఉండాలి. కానీ ఉద్యోగం గురించి ఒక సంస్థ ఇచ్చిన మాట దాని సొంత ఆస్తి కాదు. దాన్ని నమ్మి ఆగినవాడికి కూడా అందులో వాటా ఉంది.

మీ ఆర్కైవ్ ఎలాంటిదో తెలుసుకోవాలంటే పెద్ద ఆడిట్ అక్కర్లేదు. ఒక పోస్టు పెట్టండి, గంట తర్వాత ఒక అంకె మార్చండి, ఒక జవాబు తీసేయండి. మర్నాడు వెళ్ళి పాత అంకె అడగండి. దొరక్కపోతే మీరు జాగ్రత్త చేస్తున్నది రికార్డు కాదు, రికార్డు ఉందన్న ధీమా.

ఆ కుర్రాడి ప్రశ్న ఇప్పటికీ మా దగ్గర భద్రంగా ఉంది. హాష్ కూడా సరిపోతోంది.