యాభైలో మోకాలి నొప్పి: గొంతుకూర్చోవచ్చా, కూడదా?

యాభై ఏళ్ల వయసులో మోకాళ్ల నొప్పితో వైద్యుని వద్దకు వెళ్లినవారికి మన ప్రాంతంలో సాధారణంగా దొరికే సలహా ఒకటున్నది. నేల మీద కూర్చోవద్దు, గొంతుకూర్చోవద్దు, మెట్లు ఎక్కవద్దు, ఎక్కువగా నడవవద్దు. చీటీ మీద నొప్పి మాత్రలు రాసి, ఈ నాలుగు 'వద్దు'లూ నోటితో చెప్పి పంపివేస్తారు. వీటిలో చివరి రెండూ చాలామందికి మేలుకంటే కీడే ఎక్కువ చేస్తాయని నా అభిప్రాయం. మొదటి రెండింటిలో కొంత నిజమున్నది. అయితే ఎవరికి, ఎంతసేపు, ఏ దశలో అన్నది చెప్పకుండా వదిలేస్తే ఆ కొంత నిజం కూడా రోగికి ఉపయోగపడదు.

ఈ సలహా వెనుక ఒక ఊహ ఉన్నది. మోకాలు బండి ఇరుసు వంటిదనీ, తిరిగినకొద్దీ అరుగుతుందనీ, కనుక తిప్పకుండా దాచుకోవాలనీ అనుకుంటాము. 'అరుగుదల' అన్న మాటే ఆ ఊహను బలపరుస్తున్నది. కానీ ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలులోని జిగురు ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. కాలు మోపినప్పుడు మృదులాస్థి కొద్దిగా నొక్కుకుని, ఎత్తినప్పుడు తిరిగి పొంగుతుంది. ఆ నొక్కుడూ పొంగుడూ ఉంటేనే ద్రవం లోపలికీ బయటికీ సాగుతుంది. కదలిక మానేసిన కీలుకు ఆ పోషణ తగ్గుతుంది. అంతకంటే ముందుగా కనిపించే నష్టం మరొకటి. తొడ ముందు భాగంలోని పెద్ద కండరం నీరసిస్తుంది. నడిచేటప్పుడు, మెట్టు దిగేటప్పుడు మోకాలికి తగిలే అదురును చాలావరకు కాచుకునేది ఆ కండరమే. అది సన్నబడితే ఆ అదురంతా కీలు మీదనే పడుతుంది, నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగిందని మరింత విశ్రాంతి తీసుకుంటాము.

ఈ వలయంలో చిక్కుకున్న ఒకామె సంగతి చెబుతాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. వయసు యాభై ఒకటి, ఇంటి ముందు చిన్న టిఫిన్ కొట్టు నడుపుతుంది. ఎత్తు 154 సెంటీమీటర్లు. ఏడాది క్రితం పైన చెప్పిన నాలుగు 'వద్దు'లూ విని, వాటిని శ్రద్ధగా పాటించింది. ఉదయపు నడక మానింది, కత్తిపీట వదిలి బల్ల ముందు కూర్చుని కూరలు తరగడం మొదలుపెట్టింది. ఏడాదిలో బరువు 72 కిలోల నుంచి 78కి చేరింది. నా వద్దకు వచ్చేసరికి చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోతున్నది. ఎక్స్‌రేలో ఉన్నది మాత్రం తేలికపాటి అరుగుదలే, లోపలివైపు కీలు సందు కొంచెం ఇరుకైంది, అంతే. ఎక్స్‌రేకూ నొప్పికీ లంకె అంత గట్టిది కాదు. ఫిల్ము చూసి భయపడినవారు హాయిగా నడవడమూ, ఫిల్ము బాగున్నవారు కుంటడమూ నా సర్వీసులో ఎన్నోసార్లు చూశాను.

ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "గొంతుకూర్చోవచ్చా డాక్టరుగారూ?" అని. ఇంట్లో ఉన్నది పాత పద్ధతి మరుగుదొడ్డి. అది ఆమెకు ప్రతి ఉదయం ఎదురయ్యే సమస్య.

జవాబు చెప్పే ముందు ఆమెను కుర్చీలోంచి లేచి నిలబడమన్నాను. కుర్చీలోంచి లేవడమంటే సగం గొంతుకూర్చుని లేవడమే గదా. గొంతుకూర్చోవద్దని చెప్పించుకున్న మనిషి రోజుకు ముప్పై నలభై సార్లు అదే పని చేస్తూనే ఉంటుంది, కాకపోతే చేతుల ఊతంతో, బలహీనమైన తొడలతో. కనుక వైద్యం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మొదటి రెండు వారాలు మంచం మీద కాళ్లు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దానిని కిందికి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం. ఒక్కొక్క కాలికి పదిసార్లు, పూటకొకసారి. మూడో వారం నుంచి కుర్చీ. చేతులు లేని గట్టి కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి, చేతులు రొమ్ము మీద కట్టుకుని ఎనిమిదిసార్లు లేచి కూర్చోవడం, కాస్త ఆగి మరో ఎనిమిది. ఇది రోజు విడిచి రోజు. లేవడం కంటే కూర్చోవడం ముఖ్యమని ఆమెకు చెప్పాను. ధబాలున కూలబడితే కండరానికి పని ఉండదు, నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. మోకాళ్లు ఒకదానివైపు మరొకటి వాలకుండా కాలివేళ్ల దిశలోనే ఉండాలి. రెండు వారాలకు ఒక దిండు, మరో రెండు వారాలకు రెండో దిండు తీసివేశాము. ఆ తరువాత కిటికీ ఊచలు పట్టుకుని, కుర్చీ ఎత్తు వరకు కూడా దిగకుండా, సగం దూరమే వంగి లేవడం. వీటితో పాటు ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు నడక, అది క్రమంగా అరగంట దాకా.

వ్యాయామం మొదలుపెట్టినవారు మానేసేది ఎక్కువగా రెండో వారంలో. నొప్పి వచ్చింది గనుక కీలు పాడవుతున్నదని అనుకుంటారు. దీనికి నేను చెప్పే కొలత ఇది. నొప్పి లేకపోతే సున్న, భరించరానిదైతే పది అనుకోండి. చేస్తున్నప్పుడు నాలుగైదు వరకు వచ్చినా ఫరవాలేదు. మర్నాటి ఉదయానికి అది మునుపటి స్థాయికి దిగిపోవాలి. దిగకపోయినా, మోకాలు వాచినా చేసినది ఎక్కువైందని అర్థం. అప్పుడు సంఖ్య తగ్గించండి, ఒక దిండు తిరిగి వేయండి, పూర్తిగా మానవద్దు.

వ్యాయామం వలన అరిగిన మృదులాస్థి తిరిగి మొలవదు. నొప్పి తగ్గడం, పని చేసుకోగలగడం, ఈ రెండే దాని ఫలితాలు. ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మానేస్తే ఆ ఫలితం కూడా క్రమంగా పోతుంది.

ఇక బరువు. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని అమెరికాలోని నార్త్ కరోలినాలో పరిశోధకులు 2005లో కొలిచి చెప్పారు. అక్కడివారే 2013లో మరొక పెద్ద అధ్యయనం ప్రచురించారు. పద్దెనిమిది నెలల పాటు ఆహారం తగ్గించి, వ్యాయామం కూడా చేసినవారు సగటున పదకొండు శాతం బరువు తగ్గారు, వారి నొప్పి దాదాపు సగమైంది. ఆహారం ఒక్కటే లేక వ్యాయామం ఒక్కటే చేసినవారికి అంత మేలు కలగలేదు. 78 కిలోల మనిషికి పది శాతమంటే దాదాపు ఎనిమిది కిలోలు. ఆ అంకె చెబితే ఆమె నవ్వింది. ముందు నాలుగు కిలోలు అనుకుందామని సరిపెట్టాము.

ఎక్కడ తగ్గించాలో తెలుసుకోవడానికి మూడు రోజులు తిన్నదంతా రాయమన్నాను. అన్నం ఎక్కువేమీ లేదు. కొట్టులో రుచి చూసే పేరుతో తినే గారెలు, మిగిలిపోయిన పూరీలు, రోజుకు ఆరు టీలు, ఒక్కొక్క దానిలో రెండు చెంచాల చక్కెర, ఇవీ తేలినవి. టీలు రెండుకు తగ్గించి, చక్కెర సగం చేశాము. నూనెలో వేగినవి మానింది. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోట పప్పు, కూర పెంచింది, రోజూ ఒక గుడ్డు చేర్చింది. గుడ్డు ఎందుకంటే, మాంసకృత్తులు తగ్గించి పస్తులుంటే కొవ్వుతో పాటు తొడ కండరం కూడా కరిగిపోతుంది. అప్పుడు త్రాసులో బరువు తగ్గినా మోకాలికి దక్కేది తక్కువ. ఎనిమిది నెలలకు ఆమె బరువు 72. అంటే ఏడాది విశ్రాంతిలో పెరిగినంతా దిగింది. అప్పటికి చేతులు ఆనించకుండా వరుసగా పన్నెండుసార్లు కుర్చీలోంచి లేవగలుగుతున్నది. కొట్టులో గంటల తరబడి నిలబడిన రోజున సాయంత్రానికి నొప్పి ఇప్పటికీ వస్తుంది.

ఇప్పుడు ఆమె ప్రశ్నకు వద్దాము. మోకాలు మడిచినకొద్దీ, దాదాపు తొంభై డిగ్రీల వరకు, చిప్ప వెనుక ఒత్తిడి పెరుగుతూ పోతుంది. అందుకే సగం వంగి లేవడం వ్యాయామంగా సురక్షితం. మల్లుల బస్కీలు, బడి గుంజీళ్లు నొప్పి ఉన్న మోకాలికి తగవు. పూర్తిగా గొంతుకూర్చున్నప్పుడు తొడ పిక్క మీద ఆనుకుంటుంది గనుక కొంత భారం అటు పోతుంది. కష్టమంతా అక్కడి నుంచి పైకి లేచే క్షణంలో ఉన్నది. కాలవ్యవధి కూడా చూడాలి. బీజింగులో వృద్ధులపై జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, యువవయసులో రోజుకు మూడు గంటలకు పైగా గొంతుకూర్చున్నవారిలో మోకాలి అరుగుదల సుమారు రెండింతలు కనిపించింది. మిరప చేలో కలుపు తీసే కూలీకి ఈ హెచ్చరిక వర్తిస్తుంది. ఆమెకు ఎత్తు తక్కువ పీట ఒకటి ఇవ్వడం, గంటకొకసారి లేచి నిలబడమనడం మాత్రల కంటే మంచి మందు. ఉదయం అయిదు నిమిషాలు మరుగుదొడ్డిలో కూర్చునే మనిషికి అదే భయం పెట్టడం సరికాదు.

కాబట్టి అరుగుదల తేలికగా ఉండి, మోకాలు పూర్తిగా మడవగలిగి, లేచిన తరువాత నొప్పి కాసేపట్లో సర్దుకునేవారు గొంతుకూర్చోవడం మానవలసిన అవసరం లేదు. మరుగుదొడ్డి గోడకు, కూర్చున్నప్పుడు చేతికందే ఎత్తులో ఒక ఇనుప కమ్మీ బిగించుకుంటే లేచేటప్పుటి భారం కొంత చేతికి పోతుంది. టిఫిన్ కొట్టు ఆమె చేసినది ఇదే. వాపు ఉన్నవారు, మోకాలు మడిస్తే బిగదీసుకుపోయేవారు, లేవడానికి ఎవరో ఒకరు కావలసినవారు కమోడుకు మారాలి, లేదా దొడ్డి మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ తెచ్చుకోవాలి.

యాభై దాటిన స్త్రీలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది ఒకటున్నది. గొంతుకూర్చుని లేస్తుండగా మోకాలి వెనుక 'టప్'మని చప్పుడై, ఆ క్షణం నుంచే అడుగు వేయలేనంత నొప్పి పుడితే దానిని పాత అరుగుదల ఖాతాలో వేయకండి. కీలు మధ్యనుండే మెత్తటి బిళ్ల, నెలవంక ఆకారంలోది, దాని వెనుక మొదలు ఎముక నుంచి ఊడివచ్చి ఉండవచ్చు. మామూలు ఎక్స్‌రేలో అది కనిపించదు, ఎం.ఆర్.ఐ. అవసరమవుతుంది. దానిని పట్టించుకోకుండా నడిస్తే కీలు త్వరగా దెబ్బతింటుంది. ఆ వారంలోనే ఎముకల వైద్యుని చూడండి, అప్పటివరకు వ్యాయామాలు ఆపి చేతికర్రతో నడవండి. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా ఉంటే ఆ వారం దాకా కూడా ఆగవద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.