అవకాశ కార్డుకు పాయింట్ల కన్నా నెల ఖర్చే కీలకం

జర్మనీ ‘అవకాశ కార్డు’ మీద వస్తున్న కథనాల నిండా పాయింట్ల పట్టికే. వయసుకు ఇన్ని, అనుభవానికి ఇన్ని, ఆరు వస్తే చాలు అన్నట్టు రాస్తున్నారు. డిగ్రీకి జర్మనీలో పూర్తి గుర్తింపు ఉన్నవారికి అసలు పాయింట్లే అక్కర్లేదన్న సంగతి కూడా చాలామంది రాయడం లేదు.

2024 జూన్ 1న ఈ కార్డు పాత ఆరు నెలల ఉద్యోగాన్వేషణ వీసా స్థానంలోకి వచ్చింది. నివాస చట్టం 20ఎ సెక్షన్ ప్రకారం ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా ఏడాది ఇస్తారు. ఆ ఏడాదీ ప్రభుత్వ సాయం లేకుండా బతకగలమని ముందే రుజువు చూపాలి. 2025 లెక్కన అది నెలకు 1,091 యూరోలు, ఏడాదికి 13,092. యూరోకి నూరు రూపాయలు వేసుకున్నా 13 లక్షల పైమాటే.

వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు కదా, ఆ జీతమే చూపిద్దాం అంటారు ఏజెంట్లు. ఆ దారి ఉన్నమాట నిజమే. కానీ 2025లో జర్మనీ కనీస వేతనం గంటకు 12.82 యూరోలు. నెలకు సుమారు 1,111 వస్తుంది. అందులోంచి ఆరోగ్య బీమా, పెన్షన్ కోతలు పోతే చేతికొచ్చేది 1,091కి తక్కువే. అంటే కనీస వేతనపు కొలువు కాగితం ఒక్కటే షరతును నెరవేర్చదు.

చాలామందికి మిగిలేది బ్లాక్డ్ అకౌంట్. మన దగ్గర బ్యాంకు బ్యాలెన్స్ చూపించడానికి నాలుగు రోజులకు డబ్బు తెచ్చి, పని కాగానే తిరిగిచ్చేయడం మామూలే. ఇక్కడ అది చెల్లదు. వేసిన డబ్బు అభ్యర్థి పేరునే ఉండి, అక్కడికి వెళ్లాక నెలనెలా వాయిదాగా మాత్రమే చేతికొస్తుంది. వీసా రాకపోతే తిరిగొస్తుంది, వస్తే ఖర్చయిపోతుంది.

ఉప్పాడలో నేతమీద బతికే కుటుంబం ఇంజినీరింగ్ చదివిన బిడ్డ కోసం ఆ 13 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందనుకుందాం. నెలకు వడ్డీయే 26 వేలు. ఏడాది తిరిగేసరికి 3 లక్షల 12 వేలు. అసలు తిండికీ అద్దెకూ అయిపోయి ఉంటుంది. అప్పటికి నైపుణ్యం కోరే ఉద్యోగం ఖాయమైతేనే సాధారణంగా నివాసం కొనసాగుతుంది. లేకపోతే తిరిగి రావలసిందే.

ఈ నెలఖర్చు షరతును పేదవాళ్లను ఆపే గోడగా చూడడం నాకు సమ్మతం కాదు. చేతిలో నెలఖర్చు ఉన్నవాడే దోపిడీ జీతాన్ని కాదనగలడు. అప్పు మీద వెళ్లినవాడు మొదట దొరికిన గిడ్డంగి పనికే తలవంచి, ఇంటర్వ్యూలకు తిరగాల్సిన నెలలు పోగొట్టుకుంటాడు. అర్హతకు ఏ1 జర్మన్ చాలన్నది నిజమే గానీ, చాలా కొలువులకు అది సరిపోదు. అప్పు పత్రం రాసేముందు ఇక్కడే కాకినాడలో ఉండి బీ1 పూర్తిచేయాలి, డిగ్రీ గుర్తింపు తేల్చుకోవాలి. వీలైతే ఇక్కడి నుంచే ఆఫర్ సంపాదించి నేరుగా ఉద్యోగ వీసాకే పెట్టుకోవాలి. దానికి ఈ 13 లక్షల డిపాజిట్ అక్కర్లేదు.