బోర్డు మీది తేదీయే తేదీ

గుంటూరు మిర్చి యార్డు ధరల బోర్డు ఫొటో రోజూ ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది, మర్నాటికి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దాన్ని షీట్‌లోకి ఎక్కించేవాళ్లు ముందు పట్టించుకోవాల్సింది ధర కాదు, తేదీ. ఫొటో మనకు చేరిన రోజు వేరు, బోర్డు రాసిన రోజు వేరు. వాట్సాప్‌లో నిన్నటి ఫొటో ఇవాళ మళ్లీ వస్తుంది. బోర్డు మీది తేదీనే తీసుకోవాలి, అది కనిపించని ఫొటోను పక్కన పెట్టాలి. ఆ తేదీనైనా 05-03-2025 అని కొడితే, అమెరికా పద్ధతిలో ఉన్న షీట్ మార్చి 5ను మే 3 చేసేస్తుంది. ఆ మే 3 శనివారం. శని, ఆదివారాలు యార్డుకు సెలవు. సెలవు రోజున ధర కనిపించిందంటే తేదీ తిరగబడిందేమో చూడాలి. 2025-03-05 అని రాస్తే ఈ తంటా ఉండదు. ఇక రకాలు: తేజ, బాడిగ సరే, 334, 341 అనేవి కూడా రకాల పేర్లే. ఫొటోలోంచి అక్షరాలు లాగే యాప్ వీటిని ధర గడిలో పడేయగలదు. ఒక్కో రకానికి ఒక్కో వరుస. ఏసీ సరుకు, నాన్ ఏసీ సరుకు వేర్వేరు వరుసలు. కనిష్ఠం, గరిష్ఠం వేర్వేరు గడులు. రెండూ కలిపి సగం చేసి ‘సగటు ధర’ అనొద్దు. ఏ ధరకు ఎన్ని టిక్కీలు అమ్ముడుపోయాయో బోర్డు చెప్పదు. గీత పెట్టినచోట సున్నా కొట్టొద్దు, గడిని ఖాళీగా వదిలేయండి.