గట్టు మీంచి కాదు, నీళ్లలోంచి చూడండి

పిల్లలకు ఈత నేర్పిస్తున్న తల్లిదండ్రులకు, కోచ్‌లకు, స్విమ్మింగ్ పూల్ నిర్వాహకులకు మనవి.

మన పూల్స్‌లో ఫ్రీస్టైల్ శిక్షణ చాలావరకు గట్టు మీంచే సాగుతోంది. "తల దించు", "చెయ్యి చాపు" అని కోచ్ అరుస్తారు. పిల్లలకు సగం వినపడదు. వినపడినా లాభం తక్కువే. గట్టు మీంచి బాగా కనిపించేది గాల్లోకి లేచిన చెయ్యి. మనిషిని ముందుకు తీసుకెళ్లేది నీళ్లలో ఉన్న చెయ్యి. దాన్నేమో నురగ కప్పేస్తుంది. అందుకే నెలకోసారైనా ప్రతి పిల్లవాడి ఈతనూ నీటి లోపల, పక్క నుంచి వీడియో తీయాలని కోరుతున్నాం.

కుడివైపు తిరిగి ఊపిరి పీల్చే పన్నెండేళ్ల కుర్రాణ్ణి ఊహించుకోండి. పీల్చేటప్పుడల్లా తల ఎత్తుతాడు, నడుము మునుగుతుంది. "తల దించరా" అంటే కాసేపు దించి మళ్లీ ఎత్తుతాడు. మొండితనమేమీ కాదు. వీడియోను ఆపి ఆపి చూస్తే, ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కు దగ్గర ఒక్క బుడగా ఉండదు. ఊపిరి బిగబట్టాడన్నమాట. ఇక నోరు పైకొచ్చిన ఆ క్షణంలోనే పాత గాలి వదలాలి, కొత్తది పీల్చాలి. వ్యవధి చాలక తల ఎత్తుతాడు. ఆ తలకు ఆసరాగా, ముందుకు చాచిన ఎడమచేత్తో నీటిని కిందికి అదుముతాడు. మోచెయ్యి జారిపోతుంది. నీటిని వెనక్కి నెట్టాల్సిన అరచెయ్యి పూల్ అడుగును చూస్తుంటుంది.

కాబట్టి దిద్దాల్సింది ముందుగా ఊపిరిని. ముఖం నీళ్లలో పడగానే ముక్కుతో గాలి వదలడం మొదలుపెట్టించాలి. ఒక చెయ్యి చాపి పక్కకు ఒరిగి కాళ్లాడిస్తూ, గాగుల్స్‌లో ఒక కన్ను నీళ్లలోనే ఉండేలా తల తిప్పడం సాధన చేయించాలి. తర్వాతి వీడియోలో బుడగలు తెగకుండా వస్తూ, నోరు మళ్లీ నీళ్లలోకి వెళ్లేదాకా ఎడమచెయ్యి చాచినట్టే ఉంటే దారిలో పడ్డట్టే.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ కోచ్ జేమ్స్ కౌన్సిల్‌మన్ దశాబ్దాల కిందటే ఈతగాళ్లను నీటి లోపల ఫిల్మ్ తీసి పరిశీలించారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఏడు స్వర్ణాలు గెలిచిన మార్క్ స్పిట్జ్ ఆయన శిష్యుల్లో ఒకరు. ఇప్పుడు చిన్న యాక్షన్ కెమెరా ఒకటి ఉంటే చాలు. ఈదేవారికి రెండు లేన్ల దూరంలో, అర మీటరు లోతున, కదలకుండా పట్టుకుని స్లోమోషన్‌లో తీయాలి. వాటర్‌ప్రూఫ్ కవర్లో ఫోన్ పెడితే నీళ్లలో టచ్ సరిగా పనిచేయదు, రికార్డింగ్ గట్టు మీదే మొదలుపెట్టాలి. చెయ్యి నడిమిగీత దాటి అవతలికి పోయే తప్పు మాత్రం పక్క నుంచి తెలియదు. దానికి ఎదురుగా మరోసారి తీయక తప్పదు.

ఒక షరతు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా ఏ పిల్లనూ, పిల్లవాణ్ణీ వీడియో తీయకూడదు. తీసింది వాళ్లకు చూపించి, పని కాగానే చెరిపేయాలి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం అసలే వద్దు.

తల్లిదండ్రులారా, వచ్చే నెల ఫీజు కట్టేటప్పుడు "మా పిల్లల ఈతను నీళ్ల లోపల నుంచి ఎప్పుడు చూపిస్తారు?" అని కోచ్‌ను అడగండి.